మూడు రంగుల పెన్సిళ్లు

హనుమకొండ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లలు వేరే దేశపు బడి పిల్లలతో ప్రాజెక్టులు ఇచ్చిపుచ్చుకుంటున్నారట, చూసి రాయమని మా ఎడిటర్ పంపారు. హెడ్మాస్టరు గారు మర్యాదస్తులు. ముందు వరండాలోని ప్రపంచపటం చూపించారు, తర్వాత వీడియో గది చూద్దాం రమ్మన్నారు. స్టాఫ్‌రూమ్ దాటుతుంటే లోపలినుంచి ఒక మేడమ్ గొంతు వినబడింది: "నేను మన పిల్లగాళ్ల కోసం రాసిన సార్. గిది వాళ్లెవరో చదువుతరని నాకేమెరుక?" వీడియో గది సంగతి అంతటితో మరిచిపోయి లోపలికి వెళ్లి కూర్చున్నాను.

ఆవిడ జీవశాస్త్రం మేడమ్. ఎదురుగా ఇంగ్లీషు సార్. బల్లమీద తొమ్మిదో తరగతి పిల్లల ప్రాజెక్టులు, వాటికి మేడమ్ మార్కులు వేసిన ప్రమాణాల పట్టిక, ప్రతి ప్రాజెక్టు చివర ఆవిడ రాసిన నాలుగైదు వాక్యాలు. ఒప్పందం ప్రకారం ఇవన్నీ ఇంగ్లీషులోకి మారి అవతలి బడికి వెళ్లాలి. అవతలి టీచర్లు అదే పట్టికతో కొన్ని ప్రాజెక్టులకు తామూ మార్కులు వేస్తారు. వాళ్లవి ఇక్కడికి వస్తాయి, ఇక్కడివాళ్లు వేస్తారు. అందుకని తర్జుమా తప్పితే చదవడానికి ఎబ్బెట్టుగా ఉండటంతో పోదు, పిల్లల మార్కులే మారిపోతాయి.

సార్ చేతిలో కలం లేదు. ఎరుపు, నీలం, పచ్చ పెన్సిళ్లు మూడున్నాయి. మేడమ్ రాసిన ఒక్కో వాక్యం కింద ఏదో ఒక రంగుతో గీత గీస్తున్నారు. మార్కు పోగొట్టిన తప్పు అయితే ఎరుపు. మార్కుతో పనిలేని, ముందుముందు పాటించాల్సిన సూచన అయితే నీలం. మెచ్చుకోలు అయితే పచ్చ. తేల్చుకోలేని చోట పెన్సిలు ఆపి మేడమ్ వైపు చూస్తున్నారు. ఇందాక నేను విన్న విసుగు అలాంటి ఒక చూపుకి జవాబు.

ఆ వాక్యం ఇది: "నీటిమట్టం కొలిచిన తేదీలు కూడా వేసి ఉంటే బాగుండేది." ప్రాజెక్టు వాళ్ల ఊరి చెరువు గురించి. మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువు అది. వానాకాలంలో నీళ్లు ఎంతెంత పెరిగాయో అయిదుగురు పిల్లలు తూము రాయిమీద పెయింటుతో అడుగులు గుర్తుపెట్టి చూశారు, మత్తడి పోసేదాకా చూశారు. పూడికమట్టి చేనుకు తోలుకున్న రైతులను కలిసి పంట ఎలా ఉందో అడిగారు. గ్రాఫు చక్కగా గీశారు. కానీ అడ్డగీత మీద తేదీలు లేవు, ఒకటి, రెండు, మూడు అని ఉంది. వాన ఎప్పుడు పడింది, నీళ్లు ఎన్నాళ్లకు పెరిగాయి అన్నది ఆ గ్రాఫు చెప్పలేదు. మేడమ్ అందుకే మార్కు కోశారు. కోసి, "ఉంటే బాగుండేది" అని రాశారు.

మన బళ్లలో చదివినవాళ్లెవరికైనా టీచర్ ఆ మాట అంటే అర్థం తెలుసు. అది తప్పే. మాట మెత్తగా ఉంది కాబట్టి తప్పు చిన్నదని ఏ పిల్లవాడూ అనుకోడు. ఆ మెత్తదనాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెడితే అవతలివాళ్లు దాన్ని ఐచ్ఛికమైన సలహాగా చదువుతారు. సలహాకి మార్కు ఎందుకు పోయిందో వాళ్లకు అంతుపట్టదు. ఎర్ర గీత పడ్డ వాక్యాన్ని సార్ ఇలా తిప్పుతున్నారు: కొలతలకు తేదీలు లేవు, అందువల్ల వానకూ నీటిమట్టానికీ సంబంధం తేలలేదు, ఈ అంశంలో ఒక మెట్టు తగ్గింది. అయితే మేడమ్ మర్యాదను తీసేసే హక్కు ఆయనకు లేదు. అందుకే అడిగి తీసేస్తున్నారు.

అదే పేజీలో ఇంకో చిక్కు. "ఇంటర్వ్యూలు పూర్తిగా రాయలేదు." ఎవరు రాయలేదు? తెలుగులో అడగనక్కర్లేదు, క్రియ ఒక్కటీ చాలు. ఇంగ్లీషు వాక్యానికి కర్త కావాలి. 'మీరు' అంటే అయిదుగురిమీదా పడుతుంది. కర్తను దాచి రాస్తే తప్పు ఎవరిదీ కాకుండా పోతుంది. మేడమ్ కాసేపు ఆలోచించి, అది ఒక్క పిల్లవాడి వంతు పని అని, వాడు నాట్ల రోజుల్లో బడికి రాలేదని చెప్పారు. అంటే ఆ మార్కు గుంపుది కాదు, ఆ అబ్బాయిది. పట్టికలో గుంపు మార్కూ వ్యక్తి మార్కూ వేరుగా లేవని అప్పుడు బయటపడింది. తెలుగు వాక్యం ఆ లోటును కప్పిపెట్టి నెగ్గుకొస్తోంది.

వ్యాఖ్యలు ఒక ఎత్తు, పట్టిక ఒక ఎత్తు. సమాచార సేకరణ అన్న అంశానికి పట్టికలో నాలుగు మెట్లు ఉన్నాయి. పై మెట్టు, సమాచారాన్ని సంపూర్ణంగా సేకరించారు. తర్వాతది, చాలావరకు సేకరించారు. ఆ కిందది, కొంతవరకు సేకరించారు. అడుగున, సేకరించడానికి ప్రయత్నించారు. సార్ వీటిని మొదట మాటకు మాట ఇంగ్లీషు చేసిపెట్టుకున్నారు. వ్యాకరణం తప్పు లేదు. పంపేముందు ఒక పరీక్ష పెట్టారు. కిందటి ఏడాది ప్రాజెక్టులు కొన్ని తీసి, పాత మార్కులు కనబడకుండా కాగితం అంటించి, సాంఘికశాస్త్రం సార్‌కు తెలుగు పట్టికతోనూ, పక్క ఊరి బడిలో ఉన్న మరో ఇంగ్లీషు టీచర్‌కు ఇంగ్లీషు పట్టికతోనూ ఇచ్చారు. ఏ మాట చూసి ఆ మెట్టు ఇచ్చారో దాని కింద గీత గీయమన్నారు.

చాలావాటిలో ఇద్దరూ ఒక మెట్టు అటూఇటూగా వచ్చారు. ఒక ప్రాజెక్టు దగ్గర మాత్రం రెండు మెట్ల తేడా. పిల్లలు ముగ్గురు రైతులతో మాట్లాడి రాసిన ప్రాజెక్టు అది. సాంఘికశాస్త్రం సార్ 'చాలావరకు' కింద గీత గీశారు. మన పిల్లలు చేలకు పోయి ముగ్గురిని కలిశారంటే అది ఎక్కువే అని ఆయన లెక్క. రెండో టీచర్ 'ప్రయత్నించారు' దగ్గర ఆగారు. ఆ ముగ్గురు చెప్పింది విడివిడిగా లేదు, కలిపి ఒకే పేరా రాశారు, కాబట్టి ప్రయత్నమే అని ఆయన లెక్క. ఇద్దరిదీ న్యాయమే. తేడా తర్జుమాలో రాలేదు. 'చాలావరకు' అంటే ఎంతవరకు అన్నది తెలుగు పట్టికలోనే లేదు. స్టాఫ్‌రూమ్‌లో కూర్చున్నవాళ్లందరికీ అది తెలుసు కనుక ఎవరూ రాసుకోలేదు.

అడుగు మెట్టు మరీ విచిత్రం. పైన మూడూ చేసిన పనిని కొలుస్తాయి, అది మాత్రం పిల్లవాడి ప్రయాసను మెచ్చుకుంటుంది. చేయలేదని మొహాన అనలేక పెట్టుకున్న మాట. ఇంగ్లీషులో చదివినవాడు, బాగా కష్టపడి ఫలితం రానివాణ్ణి అక్కడ పెట్టి, అసలు కష్టపడనివాణ్ణి ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోతాడు.

సార్ అప్పుడు చేసిన పని నాకు బాగా నచ్చింది. ఇంగ్లీషు కాగితం పక్కన పెట్టేసి తెలుగు పట్టిక తిరగరాయమని మేడమ్‌ను బతిమాలారు. నా ముందే ఆ ఒక్క అంశం మీద ఇద్దరూ గంటకు పైగా వాదించుకున్నారు. చివరికి తేలింది ఇది. నాలుగో మెట్టుకి మూడు రకాల ఆధారాలు ఉండాలి: మనుషులు చెప్పింది, పిల్లలు స్వయంగా కొలిచింది, పంచాయతీలోనో నీటిపారుదల ఆఫీసులోనో ఉన్న రికార్డు. ఏది ఎక్కడిదో, ఏ తేదీదో రాసి ఉండాలి. మూడో మెట్టుకి వీటిలో రెండు రకాలు. రెండో మెట్టుకి ఒకటి. సమాచారం ఉండి, అది ఎక్కడిదో రాయకపోతే మొదటి మెట్టు. ఏమీ లేకపోతే సున్న, దానికి ప్రత్యేకంగా ఒక గడి. ఇలా రాసిన తర్వాత ఇంగ్లీషు చేయడానికి సార్‌కు పది నిమిషాలు కూడా పట్టలేదు.

అంకెల దగ్గర ఆయన మొండిగా ఉన్నారు. మన ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు, లఘు పరీక్ష అని నాలుగు భాగాలు. హైస్కూల్లో ప్రాజెక్టుకు 5 మార్కులు. కార్యక్రమం వాళ్ల ఫారంలో 'సమానమైన గ్రేడు' అని ఒక గడి ఉంది. ఐదుకి నాలుగంటే నూటికి ఎనభై అని రాసేస్తే పని అయిపోతుంది. "ఎట్ల రాస్త సార్? మనకాడ నాలుగంటే తక్కువ పడ్డట్టు" అన్నారు. తరగతిలో ఎక్కువమందికి ఐదుకి ఐదు పడే చోట నాలుగు చివరి వరస, నాలుగు అరుదైన చోట అదే మొదటి వరస. ఐరోపా విశ్వవిద్యాలయాలకూ ఈ తలనొప్పి తప్పలేదు. ఈసీటీఎస్ పద్ధతిలో మొదట పాసైనవాళ్లను 10, 25, 30, 25, 10 శాతాలుగా విడగొట్టి ఐదు అక్షరాల గ్రేడులు పెట్టారు. 2009 మార్గదర్శిలో దాన్ని వదిలేశారు. ప్రతి సంస్థా తన దగ్గర ఏ గ్రేడు ఎంత శాతం మందికి వస్తోందో పట్టిక జత చేస్తే చాలు, పోల్చుకోవడం చదివేవాళ్ల పని అన్నారు. సార్ చేస్తున్నది సరిగ్గా అదే. గడి ఖాళీగా వదిలి, తరగతిలో ఏ మార్కు ఎంతమందికి వచ్చిందో ఒక చిన్న కాగితం కుడుతున్నారు.

ఆ చిన్న కాగితమే మేడమ్‌ను ఎక్కువ బాధపెట్టింది. ఐదు వరసలో దాదాపు తరగతంతా ఉంది. చెరువు గట్టున తడిసి కొలిచినవాళ్లకూ, పట్నంలో షాపులో అచ్చు ప్రాజెక్టు కొని పేరు రాసుకుని తెచ్చినవాడికీ తేడా ఒకటో అరో. "అందరికీ ఏసుడే కదా సార్" అన్నారు ఆవిడ, నా వైపు చూడకుండా.

నా చిరాకు అక్కడే మొదలైంది. పిల్లల పనికి ఏ ఆధారంతో మార్కు వేస్తున్నారో తేటగా రాసుకోవడానికి మనకు పరాయి దేశం నుంచి ఒక ఫారం రావాలా? ఈ పట్టికను పిల్లలు ఎప్పుడైనా చూశారా అని అడిగాను. లేదు. అది టీచర్ డైరీలో ఉంటుంది, తనిఖీకి వచ్చినవాళ్లు చూస్తారు. మూడు రకాల ఆధారాలు కావాలని జూన్‌లోనే చెప్పి ఉంటే ఆ అయిదుగురూ పంచాయతీ ఆఫీసుకు కూడా వెళ్లి ఉండేవాళ్లు, తేదీలు కూడా వేసేవాళ్లు. వచ్చే ప్రాజెక్టుకి కొత్త తెలుగు పట్టికను మొదటి రోజే గోడకు అంటిస్తానని మేడమ్ అన్నారు. ఈ మొత్తం కార్యక్రమంలో నాకు కనబడిన అసలు లాభం అదొక్కటే.

ఇంతకంటే పెద్ద ఫిర్యాదు ఒకటుంది. అవతలి బడి టీచర్లు మన పిల్లల ప్రాజెక్టులమీద రాసిన వ్యాఖ్యల కట్ట బీరువాలో ఉంది. చూశాను. ఒకరు ముందుగా పంపిన చెరువు గ్రాఫు చూసి, పెయింటు గీతల మధ్య దూరాన్ని ఎలా సరిచూసుకున్నారని అడిగారు. ఆ అయిదుగురూ జవాబు చెప్పగల ప్రశ్న, చెబుతూ నేర్చుకోగల ప్రశ్న. అది ఇంగ్లీషులోనే ఉంది, బీరువాలోనే ఉంది. ఇటునుంచి పోయేవాటికి గడువు ఉంది, ఫారం ఉంది, ఫోన్లు చేసి తొందరపెట్టేవాళ్లున్నారు. అటునుంచి వచ్చినవాటిని తెలుగు చేసి పిల్లల చేతికివ్వాలని ఒప్పందంలో ఎక్కడా లేదు. సార్‌కు వారానికి ఉన్న పీరియడ్లు ఉండనే ఉన్నాయి, ఈ తర్జుమాకు ఒక్కటీ తగ్గించలేదు.

ఇంగ్లీషులోకి పోయే ప్రతి వ్యాఖ్యకు మూడు రంగులతో గీతలు గీసి, అడిగి, సరిచూసి పంపుతున్నారు కదా, తెలుగులోకి వచ్చేవాటికీ అంతే శ్రద్ధ జరగాలి. దానికి కావలసింది కొత్త గదులూ తెరలూ కాదు. ఒప్పందంలో ఒక వాక్యం, సార్ టైమ్‌టేబుల్లో రెండు పీరియడ్లు. ఆ రెండూ అడగమని హెడ్మాస్టరు గారితో చెప్పి వచ్చాను. అడిగేదాకా ఇక్కడ రాస్తూనే ఉంటాను.