సెలైన్ అంటే ఏ సెలైన్?

నేను ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగిన తెలుగువాణ్ణి. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ. ఆ ధైర్యంతోనే, చిన్నప్పటి స్నేహితురాలు ఒక పని అడిగితే వెంటనే ఒప్పేసుకున్నాను. ఆమె ఉత్తర 24 పరగణాల జిల్లాలో పిల్లల ఆరోగ్యం మీద పని చేస్తుంది. ఒక పరిశోధన పత్రం సారాంశాన్ని, ఒక పేజీలోపు, ఆశా కార్యకర్తలు చదువుకునేలా బెంగాలీలో పెట్టాలి. రెండొందల యాభై పదాలు. ఒక ఆదివారం సాయంత్రం చాలనుకున్నాను. మూడు వారాలు పట్టింది.

ఆ పత్రం 2001లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చింది. నీళ్ళ విరేచనాలతో వచ్చిన 675 మంది పసిపిల్లల మీద, ఇండియా, బంగ్లాదేశ్ సహా ఐదు దేశాల్లో చేసిన ప్రయోగం. పాత ఓఆర్ఎస్‌కీ, ఉప్పూ గ్లూకోజూ తగ్గించిన కొత్త ఓఆర్ఎస్‌కీ పోలిక. విరేచనాల పరిమాణంలో తేడా ఏమీ లేదు. కానీ తాగించడంతో సరిపోక మధ్యలో నరానికి ద్రవం ఎక్కించాల్సి వచ్చిన పిల్లలు పాతదానిలో నూటికి 15 మంది, కొత్తదానిలో 10 మంది. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్యాకెట్ ఫార్ములా మార్చింది.

మొదట అందరూ చేసే పనే చేశాను. స్ప్రెడ్‌షీట్‌లో మూడు వరసలు: ఇంగ్లీషు మాట, బెంగాలీ మాట, 'అలాగే ఉంచాలా' అనే గడి. భయపెట్టిన మాటలు నిజానికి ఇబ్బంది పెట్టలేదు. 'రాండమైజ్డ్'కి బెంగాలీ గణాంక పుస్తకాల్లో 'దైబొచయన్' అనే మాట ఉంది. అందులో దైవం ఉంది కాబట్టి, పిల్లల్ని దేవుడి మీద భారం వేసి పంచారన్నట్టు వినిపిస్తుంది. తీసేసి, 'ఎవరికి ఏ ప్యాకెట్ అన్నది చీటీలు తీసినట్టు నిర్ణయించారు' అని రాశాను. 'డబుల్ బ్లైండ్'ని కూడా అంతే: ఏది ఏ ప్యాకెట్టో తల్లికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. ఒక మాట బదులు ఒక వాక్యం. అక్కడితో తీరిపోయింది.

దెబ్బ తిన్నది నేను ఆలోచించకుండా వదిలేసిన మాట దగ్గర. సెలైన్. గడిలో 'అలాగే ఉంచాలి' అని టిక్ పెట్టి, పత్రమంతటా నింపేశాను.

డ్రాఫ్టుని స్నేహితురాలి మాసికి, అంటే పిన్నికి, చూపించాం. ఆమె పదేళ్ళుగా ఆశా కార్యకర్త. ఊరు సరిహద్దుకి దగ్గర. "అర్థమైందా" అని అడగొద్దని స్నేహితురాలు ముందే చెప్పింది. అలా అడిగితే ఎవరైనా అయిందనే అంటారు. "పక్కింటి కోడలికి ఎలా చెప్తారో చెప్పండి మాసీ" అన్నాం. ఆమె కళ్ళజోడు సర్దుకుని చదివి చెప్పింది: "కొత్త సెలైన్ ఇస్తే పిల్లలకి సెలైన్ తక్కువ పడుతుందట. అంటే ఇదివరకట్లా లీటర్లు లీటర్లు తాగించక్కర్లేదు."

నాకు చెమట పట్టింది. పరిశోధన చెప్పింది దీనికి పూర్తిగా వేరు. తాగించడం తగ్గించమని ఎవరూ అనలేదు. ఆమె చెప్పినట్టు చేస్తే ఒంట్లో నీళ్ళు ఇంకిపోయే బిడ్డకి నీళ్ళు ఆపినట్టే.

తప్పు ఆమెది కాదు, నాది. మన తెలుగులో సెలైన్ అంటే ఒకటే: స్టాండుకి వేలాడే సీసా. 'సెలైన్ ఎక్కించారు' అంటాం. తాగేదాన్ని ఓఆర్ఎస్ అనో, ఎలక్ట్రాల్ అనో అంటాం. సరిహద్దుకి అటువైపు బెంగాలీలో తాగే పొడి కూడా సెలైనే. 'ఖాబార్ సెలైన్' అంటే తాగే సెలైన్. మందుల కొట్లో ఊరికే సెలైన్ ఇమ్మంటే ప్యాకెట్ ఇస్తారు. ఆసుపత్రి మంచం మీద అదే మాట సీసా అవుతుంది. సరిహద్దు ఊళ్ళలో ఈ రెండో అర్థం ఇటువైపు కూడా వినిపిస్తుంది. నేను ఇంగ్లీషు మాటని అలాగే ఉంచాననుకున్నాను. అది ఎప్పుడో బెంగాలీ అయిపోయింది, పైగా రెండు మాటలుగా చీలిపోయింది. వీధిలో నేర్చుకున్న బెంగాలీ మీద నా ఇంటి తెలుగు కూర్చుని చదివిందన్నమాట.

దాన్ని సరిచేయడం తేలికే: తాగేదానికి ఓఆర్ఎస్, ఎక్కించేదానికి 'నరానికి ఇచ్చే సెలైన్'. ఆ తర్వాత మాత్రం నేను గుడ్డిగా టిక్ పెట్టిన ప్రతి మాటనీ మళ్ళీ చూడాల్సొచ్చింది.

వాటిలో 'డయేరియా' ఒకటి. దీని వెనక బంగ్లాదేశ్ అనుభవం ఒకటి ఉంది. 1980ల్లో బ్రాక్ సంస్థ కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి తల్లులకి ఉప్పు-బెల్లం నీళ్ళు కలపడం నేర్పారు: మూడు వేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్ళు. తల్లులు చక్కగా నేర్చుకున్నారు. అయినా వాడకం అనుకున్నంత లేదు. ఎందుకా అని చూస్తే, పల్లెల్లో విరేచనాలకి నాలుగు పేర్లున్నాయి. పాలు తాగే బిడ్డకి వచ్చేవి ఒకటి, అజీర్ణం ఒకటి, జిగట విరేచనాలు 'ఆమాశా', కలరాలాంటి తీవ్రమైన నీళ్ళ విరేచనాలు మాత్రమే 'డాయరియా'. కార్యకర్తలు డాయరియాకి మందు అన్నారు. తల్లులు ఎక్కువగా దానికే వాడారు. డాక్టరు నోట్లో నాలుగింటినీ కప్పే మాట, తల్లి చెవిలో నాలుగోది మాత్రమే అయింది. అందుకే మా పేజీలో డయేరియా తీసేసి, 'నీళ్ళలా పల్చని విరేచనాలు' అన్న అర్థంలో 'జొలేర్ మతో పాత్లా పాయఖానా' అని రాశాను. చదవడానికి కాస్త మొరటుగానే ఉంటుంది. మాసి మాత్రం కనురెప్ప కూడా ఆడించలేదు.

సోడియం విషయం దీనికి తిరగబడింది. కొత్త ప్యాకెట్‌లో లీటరుకి సోడియం 90 నుంచి 75 మిల్లీమోళ్ళకి దిగింది. కాబట్టి రక్తంలో సోడియం మరీ పడిపోతుందేమో అన్న అనుమానం సహజం. పత్రం ఆ లెక్క దాచలేదు: 130 కంటే కిందికి పడినవాళ్ళు కొత్తదానిలో నూటికి 11, పాతదానిలో 9. అది యాదృచ్ఛికంగా కూడా రాగల తేడా. దీన్ని ఇంటి భాషలో 'రక్తంలో నూన్ తగ్గడం' అని రాశాను. నూన్ అంటే ఉప్పు. అందరికీ తెలిసిన అందమైన చిన్న మాట. మాసి చదివి, "అయితే ప్యాకెట్‌లో ఇంకో చిటికెడు వేయమని చెప్పాలా?" అంది.

అలా వేస్తే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరిగి ఫిట్స్ రావచ్చు. ఉప్పు అనేది వంటింటి మాట, డబ్బాలో చేతికందే వస్తువు. తగ్గిందంటే చెయ్యి దానంతటదే డబ్బా వైపు వెళ్తుంది. సోడియం అంటే రక్త పరీక్ష, డాక్టరు. ఆ కొత్తదనమే ఇక్కడ కావాలి. సోడియం ఇంగ్లీషులోనే ఉండిపోయింది. కింద ఒక వాక్యం చేర్చాం: ప్యాకెట్‌లో ఏమీ కలపొద్దు.

ఆస్మోలారిటీని కూడా ఉంచాను, దానికి కారణం వేరు. ప్యాకెట్ వెనక ఆ మాటే అచ్చయి ఉంటుంది, పక్కన 245 అంకె. పాతదానిది 311. అనువదిస్తే నా పేజీ చదివిన మనిషి ప్యాకెట్ తిప్పి సరిచూసుకోలేదు.

మొదట్లో నా గడిలో ఉన్న ప్రశ్న 'బెంగాలీ మాట ఉందా, లేదా' అన్నది. చివరికి అక్కడ మిగిలింది వేరే ప్రశ్న: ఈ మాట విన్నాక ఆ మనిషి చెయ్యి ఎటు వెళ్తుంది?

ఆఖరి డ్రాఫ్టు తర్వాత మాసి మళ్ళీ పక్కింటి కోడలికి చెప్పినట్టు చెప్పింది: "కొత్త ప్యాకెట్ కూడా అంతే తాగించాలి. కాకపోతే సూది దాకా వెళ్ళే పిల్లలు తగ్గుతారు." రెండొందల యాభై పదాలకి అంతకంటే మంచి సారాంశం నేను రాయలేదు. ఆమె రెండు వాక్యాలనీ పేజీ మొదట్లో పెట్టాం.