80 మిల్లీమీటర్ల ఖాళీ

నల్లరేగడిలో కట్టిన ఇంటి గోడ పగిలిందంటే, పగులుకి అడ్డంగా పెన్సిల్‌తో చిన్న గీత గీసి, పక్కన తేదీ వేసి రమ్మంటాను. గీత రెండు ముక్కల మధ్య దూరాన్ని వేసవిలో ఒకసారి, మంచి వానలు పడ్డాక ఒకసారి కొలవాలి. పునాది మామూలుగా కుంగితే ఆ పగులు తనంతట తాను మూసుకోదు, ఉన్నచోటే ఆగుతుంది లేదా పెరుగుతుంది. రేగడి పగులు అలా కాదు. మే నెలలో వేలు దూరేంత ఉన్నది అక్టోబరుకి గోరంతవుతుంది, మళ్లీ వేసవికి తెరుచుకుంటుంది. అందులో సిమెంటు పూసి రంగు వేస్తే ఆ ఏటికి కనపడదు, మరుసటి ఏడు పక్కనే ఇంకోటి పుడుతుంది. నంద్యాల వైపు కుందూ లోయలో ఇలాంటి గోడలు చూస్తూనే నేనీ పని నేర్చుకున్నాను.

కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు మా పెద్ద ఇంజనీరుగారు అన్న మాట ఒకటి ఇప్పటికీ నన్ను నడిపిస్తోంది. "ఈ నేల ఎంత బరువు మోస్తుందని అడక్కు నాయనా. నీళ్లు ఎంత లోతుదాకా వచ్చిపోతాయో అడుగు." చదువుకున్న పుస్తకాలన్నీ మొదటి ప్రశ్న దగ్గరే మొదలవుతాయి కాబట్టి ఆ మాట వెంటనే తలకెక్కలేదు. గోడలే ఎక్కించాయి.

రేగడిలో మోంట్‌మోరిల్లోనైట్ అనే బంకమన్ను ఖనిజం ఉంటుంది. కంటికి కనపడనంత పలచని రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. వాటి మధ్య పట్టు చాలా తక్కువ. నీరు ఆ రేకుల సందుల్లోకి దూరి వాటిని ఎడంగా నెడుతుంది, ఎండితే రేకులు మళ్లీ దగ్గరవుతాయి. నేల ఉబ్బడమన్నా, వేసవిలో చేలల్లో కాలు ఇరుక్కునేంత నెర్రెలు విచ్చడమన్నా జరిగేది ఇదే. పత్తికి, శనగకి ఈ నేలను అంత మంచిది చేసేది కూడా నీటిని అలా పట్టి ఉంచే గుణమే, కాబట్టి దాన్ని చెడ్డ నేల అనడం నాకు నచ్చదు.

ఎంత ఉబ్బుతుందో తెలుసుకోవడానికి ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. ఆరబెట్టి జల్లించిన మట్టి పది గ్రాముల చొప్పున రెండు కొలజాడీల్లో వేసి, ఒకదాంట్లో స్వేదనజలం, ఇంకోదాంట్లో కిరోసిన్ పోసి కలిపి, గాలి బుడగలు పోగొట్టి ఒక రోజు కదపకుండా ఉంచుతాం. కిరోసిన్‌లో ఈ మట్టి ఉబ్బదు, అందుకే అది మన కొలబద్ద. నేను చెప్పబోయే స్థలం మట్టి కిరోసిన్‌లో 10 మిల్లీలీటర్ల దగ్గర నిలిచింది, నీళ్లలో 21కి చేరింది. తేడాని కిరోసిన్ కొలతతో భాగిస్తే 110 శాతం. మన ప్రమాణాల పట్టికలో 100 దాటితే ఎక్కువ ఉబ్బే నేల కిందికి వస్తుంది.

ఆ స్థలం ఇద్దరు అన్నదమ్ములది. అన్న ముందే ఇల్లు కట్టుకున్నారు. మూడు గదులు, ఒకటే అంతస్తు, నాలుగడుగుల లోతు రాతి పునాది, అడుగున మందంగా ఇసుక పోసి దిమ్మిస చేయించారు. మూడో వేసవికి కిటికీ మూలల నుంచి గోడలు ఏటవాలుగా పగిలాయి, పగుళ్లు పైన వెడల్పు, కింద సన్నం. ఆ ఆకారమే కథంతా చెబుతుంది. ఇల్లు కట్టాక దాని కింది నేల మీద ఎండ పడదు, అక్కడి తేమ పైకి పోయే దారి మూసుకుపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ నడిమి భాగం తేమ పట్టి ఉబ్బి నిలుస్తుంది. గోడల వెంబడి అంచులేమో ప్రతి వేసవీ ఎండి దిగుతాయి. నడుము పైకి, మూలలు కిందికి. ఇటుక గోడ వంగలేదు కాబట్టి పైన విచ్చుకుంటుంది. పాత మట్టిమిద్దెలు ఇదే నేల మీద తరాలపాటు నిలిచాయంటే, మట్టితో కట్టిన గోడ, కర్ర స్తంభాలు, దూలాలు ఆ కొద్దిపాటి కదలికని ఓర్చుకోవడం వల్లే. సిమెంటు గోడకి ఆ ఓర్పు లేదు.

తమ్ముడు నన్ను అడిగింది ఒకటే. "సారూ, అన్న మూడడుగుల వెడల్పు పునాది వేశాడు, నేను ఆరడుగులు వేస్తే సరిపోదా?" ఆయన ముందే లెక్క వేసి చూపించాను. తొమ్మిదంగుళాల ఇటుక గోడ, దాని మీదికి వచ్చే స్లాబు భారం కలిపితే మీటరు పొడవుకి రెండున్నర, మూడు టన్నులకి మించదు. మూడడుగుల వెడల్పు మీద పరిస్తే చదరపు మీటరుకి సుమారు మూడు టన్నులు. అడుగున ఉన్న రేగడి తడిసినప్పుడు పైకి నెట్టే ఒత్తిడి చదరపు మీటరుకి పది, ఇరవై టన్నులు కూడా ఉంటుంది. అంటే ఇల్లు నేలని అదిమి పెట్టడం లేదు, నేలే ఇంటిని ఎత్తుతోంది. పునాది వెడల్పు పెంచితే ఇంటి ఒత్తిడి ఇంకా తగ్గుతుంది, ఎత్తడం ఇంకా తేలికవుతుంది. మామూలు నేలలో మేలు చేసేది ఇక్కడ కీడు చేస్తుంది. నాలుగంతస్తుల భవనం ఒక్కోసారి నిక్షేపంగా ఉండి, దాని పక్కనే ప్రహరీ గోడ పాములా వంకర్లు తిరగడానికి కారణం కూడా ఈ తేలికదనమే.

ఇసుక గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పల్లెల్లో ఇప్పటికీ చాలామంది దాన్నే నమ్ముతారు. ఉబ్బే మట్టికి, పునాదికి మధ్య మెత్తగా ఉంటుందని పోస్తారు. కానీ చుట్టూ నీరు పారని బంకమన్ను, మధ్యలో నీరు పీల్చే ఇసుక. చూరు నీళ్లు, బాత్రూమ్ గొట్టం కారిన నీళ్లు అన్నీ ఆ కందకంలో చేరి నిలబడతాయి. పునాది అడుగునే కుంట తవ్వి పెట్టినట్టు. అన్నగారింట్లో అన్నిటికన్నా పెద్ద పగులు నీళ్ల తొట్టి ఉన్న మూలనే వచ్చింది.

ఇక పెద్ద ఇంజనీరుగారి రెండో ప్రశ్న. రేగడిలో తేమ కాలాన్ని బట్టి మారేది పైపొరలోనే. లోతుకి పోయేకొద్దీ వేసవికీ వానాకాలానికీ తేడా తగ్గి, ఒక చోట దాదాపు పోతుంది. మన దేశపు లోతైన రేగడి నేలల్లో ఆ లోతుని సుమారు మూడున్నర మీటర్లుగా తీసుకుంటారు. ఇంటి బరువుని ఆ కదలని నేలకి అప్పగించి, కదిలే నేలతో ఇంటికి సంబంధం తెంచేయాలి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ 1950లలో రూపుదిద్దిన అండర్‌రీమ్డ్ పైల్ చేసే పని అదే. 1980 నాటి ఐఎస్ 2911 మూడో భాగం కూడా కనీస పొడవు మూడున్నర మీటర్లు ఉండాలంటుంది.

తమ్ముడి ఇంటికి గోడలు కలిసే ప్రతి మూలలోనూ, పొడుగు గోడల మధ్యలోనూ, మూడు మీటర్లకి మించకుండా 30 సెంటీమీటర్ల పైళ్లు వేశాం. ముందు ఆగర్‌తో నిటారుగా బొక్క తవ్వాలి. తర్వాత దించే పరికరానికి రెండు మడత రెక్కలు, అడుగున ఒక బకెట్ ఉంటాయి. అడుగుకి ఆనించి పిడి నొక్కుతూ తిప్పితే రెక్కలు విచ్చుకుని చుట్టూ మట్టిని చెక్కుతాయి, చెక్కిన మట్టి బకెట్‌లో పడుతుంది. బకెట్ నిండగానే పైకి తీయాలి, తీస్తుంటే రెక్కలు ముడుచుకుంటాయి. ఖాళీ చేసి మళ్లీ దించాలి. రెక్కలు పూర్తిగా విచ్చుకున్నాక పిడి ఇక కిందికి దిగదు. కడ్డీ మీద ముందే పెట్టిన గుర్తు అప్పుడు గైడు అంచుకి వచ్చిందో లేదో నేను వంగి చూస్తాను. రాలేదంటే బల్బు సగమే అయినట్టు, కూలీలు అలసిపోయి ఆపేసినట్టు. కాంక్రీటు పడ్డాక అది ఎవరికీ కనపడదు, కాబట్టి అక్కడ నిలబడి చూసుకోవడం తప్ప వేరే దారి లేదు.

బల్బు వ్యాసం కాండానికి రెండున్నర రెట్లు, అంటే మాకు 75 సెంటీమీటర్లు. అడుగు వైశాల్యం ఆరు రెట్లు పైగా పెరుగుతుంది. ఒక బల్బు ఉన్న అలాంటి పైలుకి ప్రమాణం ఇచ్చే సురక్షిత భారం 16 టన్నులు, మా ఇంటికి ఒక్కో పైలు మీద పడేది పది టన్నుల లోపే. కానీ బల్బు బరువు మోయడానికే ఉందనుకుంటే దాని విలువలో సగమే తెలిసినట్టు. పైపొర ఉబ్బినప్పుడు కాండాన్ని పట్టుకుని పైకి లాగుతుంది. ఆ లాగుడికి లోపలి బల్బు లంగరులా అడ్డు నిలుస్తుంది. అందుకే ఇనుము పైలు అడుగుదాకా దిగాలి. సగానికి ఆపితే పైలు మధ్యలో తెగే ప్రమాదముంది.

ఇంత చేశాక కూడా ఇల్లు పగలడం చూశాను. కారణం బీమ్. పైళ్ల తలలని కలిపే బీమ్‌ని నేరుగా నేల మీదే పోస్తే, రేగడి కింద నుంచి బీమ్‌నే నెడుతుంది. అప్పుడు మనం అంత లోతు దించిన పైళ్లు ఎందుకున్నట్టు? బీమ్‌కి, నేలకి మధ్య కనీసం 80 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. బీమ్ అడుగున వదులుగా మట్టి పరిచి, దాని మీద కాంక్రీటు పోసి, గట్టిపడ్డాక ఆ మట్టిని పారతో తోడేయాలి. బయటి బీమ్‌లకి నేలలోకి కాస్త దిగే అంచు కడితే బయటి మన్ను ఆ సందులోకి చేరదు. లోపలి వైపు ప్లింత్ నింపేముందు ఇటుకలో రాతి పలకలో నిలబెట్టి సందుని కాపాడాలి.

తమ్ముడి ఇంటి దగ్గర మా మేస్త్రీ ఎంతో శ్రద్ధగా సందంతా కంకర కూరి, పైన సిమెంటు పూయించడం మొదలుపెట్టాడు. "బీమ్ కింద ఖాళీ ఉంటే ఎట్ల సారూ, గాలిలో ఇల్లు కట్టినట్టు గాదా?" అన్నాడు. అతని చేతిపనిలో లోపం లేదు, ఖాళీ ఎందుకో అతనికి ఎవరూ చెప్పలేదు. కూర్చుని నేల మీద బొమ్మ గీసి చెప్పాను. అర్థమయ్యాక తనే దగ్గరుండి అంతా తోడించాడు, చివర్న చెయ్యి దూర్చి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు.

ప్రతి రేగడి స్థలానికీ పైళ్లు అక్కర్లేదు. ఐదారడుగుల లోతులోనే మొరమో మెత్తటి రాయో తగిలితే, పునాదిని అక్కడిదాకా దింపితే చాలు. అలాంటి గట్టి పొరలో బల్బు చెక్కడం కూడా సాధ్యం కాదు. అందుకే ముందు ఒక గుంత తవ్వి చూడకుండా ఎవరికీ ఏమీ చెప్పను. ఇక పైళ్లు కాపాడలేనిది ఒకటుంది, గది నేల. గోడలు పైళ్ల మీద నిలబడినా గచ్చు రేగడి మీదే కూర్చుంటుంది. తమ్ముడి ఇంట్లో రేగడి తీయించి ఉబ్బని మొరం పొరలు పొరలుగా తడిపి దిమ్మిస చేయించాం, గచ్చుని గోడకి కలపకుండా సన్న సందు వదిలాం, మురుగు గొట్టం గోడ దాటే చోట కదలగలిగే అతుకు పెట్టించాం. ఇంటి చుట్టూ రెండు మీటర్ల మేర నీరు ఇంకకుండా వాలుగా అరుగు పోయించాం. వేపచెట్టు కోసం తమ్ముడి భార్య పట్టుబడితే, గోడకి దూరంగా, పెరడు చివర నాటమన్నాం.