అర్జీలో ఒకే పేరు రెండుసార్లు

అర్జీ, దరఖాస్తు, తహసీల్, రసీదు, నకలు. డిగ్రీలో తెలుగు చదువుకోడానికి వెళ్లినప్పుడు ఈ లఫ్జ్‌లన్నీ అక్కడ ముందే కూర్చుని ఉన్నాయి. ఉర్దూ మీడియం పోరణ్ణి, ఖుష్ అయ్యాను. అప్పటినుంచి మా మొహల్లాలో ఎవరికి అర్జీ కావాలన్నా నా దగ్గరికే వస్తారు. మా ఇంటి అర్జీ రాయడానికి మాత్రం నాకు మూడు సాయంత్రాలు పట్టింది.

అమ్మీ ఇంతెఖాల్ అయిన రెండు నెలలకు తమ్ముడికి బిడ్డ పుట్టింది. ఏడో రోజు అఖీఖాలో అమ్మీ పేరే పెట్టారు. ఇంట్లో అందరి కళ్లూ తడిశాయి. రేషన్ కార్డు సంగతి అప్పుడెవరికి గుర్తొస్తుంది!

మా కార్డులో ఏడుగురం. మా తెలంగాణలో మనిషికి నెలకు 6 కిలోల చొప్పున 42 కిలోలు. అమ్మీ పోయిందని మిషన్‌కు తెలీదు కదా, ఇంట్లో ఎవరు వేలిముద్ర వేసినా 42 కిలోలూ వస్తూనే ఉన్నాయి. "ఉండనీయండి భాయ్, పాపను ఎక్కించే రోజున తీసేద్దాం" అన్నాడు తమ్ముడు. లాలచ్ కాదు, వాడికి అమ్మీ పేరు కొట్టేయించడం ఇష్టం లేదు. నాకూ లేదు. కానీ ఆ 6 కిలోలు ఇంకెవరిదో హఖ్. రెండు నెలల బియ్యం అప్పటికే తిన్నాం. ఆ మాట నోట్లో ముద్దకు అడ్డం పడుతూనే ఉంది.

పాప పనులు ఒకదాని వెనక ఒకటి చేయాలి. ఆసుపత్రి నుంచి వచ్చిన జనన పత్రంలో బిడ్డ పేరు ఖాళీ. ముందు మున్సిపాలిటీలో పేరు రాయించాం. ఏడాది లోపల రాయిస్తే దానికి ఫీజు ఉండదు. ఆ పత్రంతో ఆధార్. ఐదేళ్లు నిండని పిల్లలకు వేలిముద్రలు తీసుకోరు, తల్లి ముద్రే చాలు. పేరు లేని పత్రంతో ఆధార్‌కు పరుగెత్తితే, తర్వాత రెండుచోట్లా దిద్దించుకోవాలి.

తర్వాత మీసేవలో చేర్పుకు ఒకటి, తొలగింపుకు ఒకటి వేశాం. చేర్పు తిరిగొచ్చింది. 'ఈ పేరు కార్డులో ఇప్పటికే ఉంది' అట. తొలగింపు కూడా ఆగిపోయింది. కార్డు అమ్మీ పేరు మీదే ఉంది మరి. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం 18 నిండిన ఆడవాళ్లలో పెద్దావిడే కుటుంబ యజమాని. ఆమెను తీసేస్తే ఆ జాగాలో ఎవరన్నది మేం చెప్పలేదు.

అందుకే కాగితం మీద అర్జీ రాసి జత చేయాల్సి వచ్చింది. "తొలగించగలరు" దగ్గర కలం ఆగింది. "వేరే మాట రాయకూడదా?" అంది మా ఆవిడ. 'మర్హూమా' అని రాద్దామనుకున్నాను. ఆఫీసులో దాన్ని ఇంటిపేరు అనుకుంటే? చివరికి ఇలా రాశాను:

"తహసీల్దారు గారికి నమస్కరించి రాయునది. పై నంబరు కార్డులో కుటుంబ యజమానిగా ఉన్న మా తల్లి గారు మరణించినందున ఆమె పేరు తొలగించి, కార్డులోని మహిళలందరిలో పెద్దదైన నా భార్యను యజమానిగా నమోదు చేయగలరు. నా తమ్మునికి జన్మించిన కుమార్తె పేరు చేర్చగలరు. నాయనమ్మ పేరే బిడ్డకు పెట్టినందున రెండు పేర్లు ఒకటిగా ఉన్నవి. వీరు వేర్వేరు వ్యక్తులు. ఇద్దరి పుట్టిన తేదీలు, ఆధార్ చివరి నాలుగు అంకెలు దిగువ పట్టికలో ఇచ్చితిని."

కింద పట్టికలో అందరి బంధుత్వాలూ మళ్లీ రాయాల్సి వచ్చింది. యజమాని మారితే అన్నీ మారతాయి. నిన్నటిదాకా నేను 'కుమారుడు', ఇప్పుడు 'భర్త'. తమ్ముడు 'మరిది', వాడి భార్య 'తోటికోడలు'. పాప, అమ్మీ ఉంటే 'మనవరాలు' అయ్యేది. 'మరిది కుమార్తె' అయింది. ఈ కాలం తప్పు రాస్తే మళ్లీ తిరుగుడే. మరణ పత్రం, జనన పత్రం, రెండు ఆధార్‌ల నకళ్లు పెట్టి, అర్జీ ఇంకో ప్రతి మీద తారీఖుతో ఆఫీసు ముద్ర వేయించుకున్నాను. నోటిమాటకు రసీదు ఉండదు.

విచారణకు వచ్చినాయన పాపను చూసి, గోడ మీది అమ్మీ ఫోటో చూసి, ఏమీ అడగకుండా సంతకం పెట్టాడు.

పోయిన నెల బియ్యానికి వెళ్లాను. మళ్లీ ఏడుగురు, అవే 42 కిలోలు. డీలర్ మిషన్‌లో పేర్లు చూస్తూ, "అమ్మ పేరు ఇంకా తీయలేదా భాయ్?" అన్నాడు.

"తీశారు భాయ్. అది చిన్నది" అన్నాను.