గోల్ కొట్టినవాడేనా ఆటగాడు?

ఎండాకాలం శిబిరం చివర జట్టు ఎంపిక వచ్చిందంటే మన సంఘంలో ఒకటే వాదన: "మావాడు మూడు గోల్స్ కొట్టాడు కదండీ, వాణ్ణెందుకు పక్కన పెట్టారు?" ఈసారి మేము గోల్స్ లెక్కపెట్టలేదు. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు, పది నిమిషాల ఫుట్‌బాల్. ఒక్కో పిల్లకీ పిల్లాడికీ ఒక్కో కాగితం. పద్ధతి మాది కాదు. అమెరికాలో ఆస్లిన్, మిచెల్, గ్రిఫిన్ 1998లో ప్రచురించిన జీపీఏఐ. దాన్లో ఏడు అంశాలుంటే మేము మూడే తీసుకున్నాం: నిర్ణయం, నైపుణ్యం, సపోర్ట్.

మొదటి రెండూ బంతి కాలికి అందినప్పుడు చూసేవి. ఖాళీగా ఉన్న తోటివాడికి పాస్ ఇవ్వబోతే నిర్ణయం ఒప్పు. ఆ బంతి గురి తప్పి గీత దాటితే నైపుణ్యం తప్పు. ఒకే పాస్‌కి రెండు గీతలన్నమాట. సపోర్ట్ బంతి లేనప్పటి సంగతి: పాస్ అందుకోగల చోటికి కదిలారా, ప్రత్యర్థి వెనకాలే నిలబడిపోయారా?

మూడు గోల్స్ అబ్బాయి కాగితం చూడండి. నిర్ణయాల్లో 4 ఒప్పు, 8 తప్పు. నైపుణ్యంలో 9 ఒప్పు, 3 తప్పు. సపోర్ట్‌లో 1 ఒప్పు, 4 తప్పు. కాళ్ళు బంగారమే, కానీ ఇద్దరు అడ్డున్నా తనే దూరిపోతాడు. ఒక్క గోలూ కొట్టని అమ్మాయికి నిర్ణయాల్లో 4, 1. నైపుణ్యంలో 3, 2. సపోర్ట్‌లో 9, 3. బంతి తాకింది అయిదుసార్లే. మిగతా ఆటంతా పరుగే, ఆ పరుగు గట్టు మీద కూర్చున్న మనకెవరికీ కనబడదు.

అసలు పద్ధతిలో ఒప్పుల్ని తప్పులతో భాగించి, మూడు అంశాల సగటు తీస్తారు. అబ్బాయికి 1.25, అమ్మాయికి 2.83. ఇక్కడో చిక్కుంది. తప్పులు సున్నా అయితే భాగించలేం. పైగా 2 ఒప్పు, 1 తప్పు వచ్చినవాడూ, 20 ఒప్పు, 10 తప్పు వచ్చినవాడూ సమానమైపోతారు. ఇలాంటి లోపాల్నే మెమ్మర్ట్, హార్వే 2008లో ఎత్తిచూపారు. అందుకని మేము ఒక్కో అంశంలో మొత్తానికి ఒప్పులెన్నో శాతం కట్టి, మూడింటి సగటు తీశాం: అబ్బాయికి 43, అమ్మాయికి 72. ఆటలో ఎంత పాల్గొన్నారో పక్కనే విడిగా రాశాం. సపోర్ట్ తప్పులు వదిలేసి మిగతా గీతలన్నీ కూడితే అబ్బాయికి 25, అమ్మాయికి 19. శాతం ఒక్కటే చూస్తే బంతికి దూరంగా దాక్కున్నవాడు గొప్పవాడిలా కనిపిస్తాడు మరి.

గీతలు గీసేవాళ్ళతోనే అసలు తంటా. "ఖాళీగా" అంటే ఎంత ఖాళీ? రెండంగల్లో ప్రత్యర్థి లేకపోతే ఖాళీ అని ముందే అనుకున్నాం. ఒకే పిల్లని ఇద్దరు విడివిడిగా గమనించి, పది గీతల్లో ఎనిమిదైనా కలిస్తేనే ఆ కాగితం తీసుకున్నాం. కలవనివి మూడొచ్చాయి, ఆ పిల్లల్ని మళ్ళీ ఆడించాం. సొంత పిల్లల కాగితం ఎవరికీ ఇవ్వలేదు లెండి!

ఎంపికలో ఇద్దరూ ఉన్నారు. కాగితం చూశాక అబ్బాయి తండ్రి అడిగింది ఒకటే: "సపోర్ట్ గడిలో ఆ ఒక్క ఒప్పు ఎప్పుడొచ్చిందండీ?" వచ్చే ఆదివారం నుంచి అబ్బాయికి మూడుసార్లకు మించి బంతి తాకకూడదనే షరతుతో ఆట.