సుబ్బారావుకి, పింఛను లెక్క గురించి

విజయవాడ,
నవంబరు 2025

సుబ్బారావూ,

నీ ఉత్తరం అందింది. బ్యాంకులో ఉన్న డబ్బంతా ఒకేసారి యాన్యుటీలో పెట్టేస్తే నెలనెలా ఇంత అని బతికున్నంతకాలం వస్తుందని అల్లుడు చెప్పాడని రాశావు. సంతకం పెట్టేముందు ఒక్కసారి నాతో కలిసి లెక్క చూడు.

మనిద్దరం 2016లోనే రిటైరయ్యాం. నేను రైల్వే నుంచి, నువ్వు మిల్లు నుంచి. నా బేసిక్ పింఛను 20,000. ఈ రోజుకీ స్లిప్పులో ఆ అంకె అలాగే ఉంది. దాని కింది వరుసలో డీఆర్ అని ఇంకో అంకె ఉంటుంది. 2016 జనవరిలో అది సున్నా. 2025 జూలై నుంచి 58 శాతం, అంటే 11,600. నీకు పీఎఫ్ ఆఫీసు నుంచి అప్పుడు 2,500 వచ్చేది, ఇప్పుడూ 2,500. అప్పటి ధరల్లో చూస్తే దాని విలువ ఎంతో తెలియాలంటే 1.58తో భాగించు. 1,582 రూపాయలు తేలుతుంది. నీ చేతిలోంచి ఎవరూ ఏమీ తీసుకోలేదు, అయినా తొమ్మిది వందల పైచిలుకు పోయింది.

ఆ 58 ఎక్కడిదని అడుగుతావు. కార్మికుల కుటుంబాలు కొనే సరుకుల ధరల్ని లేబర్ బ్యూరో నెలనెలా సేకరించి ఒక సూచీ వేస్తుంది. 2016లో ధరల్ని వందగా పెట్టుకుంటే, 2024 జూలై నుంచి 2025 జూన్ దాకా పన్నెండు నెలల సగటు దాదాపు 143.6. దాన్ని 2.88తో హెచ్చవేసి పాత సూచీలోకి మారుస్తారు, 413.5 చిల్లర వస్తుంది. ఏడో వేతన సంఘం అమలు మొదలయ్యే నాటికి అదే సూచీ సగటు 261.42. అక్కడినుంచి ఎంత పెరిగిందో చూస్తే 58 శాతం మీద చిల్లర. ఆ చిల్లర వదిలేస్తారు. ప్రతిసారీ మొదటి అంకె నుంచే లెక్క కడతారు కాబట్టి వదిలింది తర్వాతి విడతలో కలిసిపోతుంది. జనవరికోసారి, జూలైకోసారి ఈ పని జరుగుతుంది.

పేపర్లో "మూడు శాతం పెంపు" అని చూసి నీ కొడుకు నాకు బాగా పెరిగిందన్నాడట. ఆ మూడు శాతం బేసిక్ మీద, సుబ్బారావూ. 31,000 వస్తున్నవాడికి 600 పెరిగింది, అంటే రెండు శాతం కూడా లేదు. ధరలు ముందు పెరుగుతాయి, డీఆర్ వెనకాల వస్తుంది.

ఈ రక్షణ కూడా ప్రభుత్వం చేతిలో ఉన్నదే. కరోనా కాలంలో 2020 జనవరి నుంచి 2021 జూన్ దాకా మూడు విడతలు ఆపేశారు. రావలసిన 21, 24, 28 శాతాలకు బదులు 17 దగ్గరే ఉంచారు. నా పింఛను మీద మొదటి ఆరు నెలలకు 4,800, తర్వాతి ఆరుకు 8,400, చివరి ఆరుకు 13,200. మొత్తం 26,400. తర్వాత శాతాన్ని సరిచేశారు గానీ ఆ బకాయి మాత్రం ఇవ్వలేదు. నాకు ఇప్పటికీ అది అన్యాయంగానే కనిపిస్తుంది. పైగా ఆ సూచీ మనలాంటి ముసలివాళ్ళ ఖర్చుతో వేసింది కాదు. మా ఇంట్లో మందుల బిల్లు పచారీ బిల్లుతో పోటీ పడుతుంటే, ఆ సూచీలో ఆహారానిదే పెద్ద వాటా.

నీకు ఈ డీఆర్ ఎందుకు లేదంటే, నీ పింఛను ఒక నిధిలోంచి వస్తుంది. యజమాని నీ జీతంలో 8.33 శాతం, అదీ ఒక పరిమితి వరకే, అందులో వేశాడు. కేంద్రం ఇంకొంచెం కలిపింది. ధరలు పెరిగితే ఆ తేడా భరించాల్సింది ఎవరన్నది ఆ పథకంలో రాయలేదు, అందుకే అది నీ మీద పడింది. నాకైతే బడ్జెట్లోంచి ఇస్తారు. 2014లో ఆ పథకంలో పెట్టిన కనీస పింఛను వెయ్యి రూపాయలు ఇన్నేళ్ళకీ వెయ్యి దగ్గరే ఉండటం మరీ దారుణం.

అల్లుడు చెప్పిన యాన్యుటీ కూడా నీ పీఎఫ్ పింఛను లాంటిదే, అంకె మారదు. ధరలు ఇదే వేగంతో పెరిగితే ఇరవై ఏళ్ళలో పదివేల విలువ ఇప్పటి నాలుగు వేలలోపుకు దిగుతుంది. ఏటా మూడు శాతం సాధారణ వడ్డీ పద్ధతిలో పెరిగే రకం కూడా ఉంది. అందులో మొదట తక్కువ ఇస్తారు. ఇరవై ఏళ్ళకు పెరిగేది అరవై శాతమే, ధరలు గత పదేళ్ళలోపే దాదాపు అంత పెరిగాయి. అయినా మొత్తం మారని రకంలో పెట్టడం కన్నా మేలు. నన్నడిగితే సగానికి మించి యాన్యుటీలో పెట్టకు, మిగతాది ఏడాదికో రెండేళ్ళకో తిరగేసే డిపాజిట్లలో ఉంచు. ధరలతో పాటు వడ్డీ పెరిగితే నీకూ అందుతుంది, ఆసుపత్రి అవసరం వస్తే చేతికీ వస్తుంది.

అల్లుణ్ణి అడిగి రెండు రకాలకూ నెలకు ఎంతెంత ఇస్తారో కాగితం మీద రాయించి పంపు. పెరిగే రకం ఏ ఏటికి రెండోదాన్ని దాటుతుందో లెక్క వేసి వెంటనే రాస్తాను.

నీ,
రామ్మూర్తి