జేబులోని మాత్ర

ఎనిమిది నెలలపాటు మా కుర్తా కుడి జేబులో ఒక మాత్రల షీటు ఉండేది. తస్బీహ్ మరచి ఇల్లు దాటిన రోజులున్నాయి గాని, ఆ షీటు మరచిన రోజు లేదు. మదరసాలో పాఠం చెబుతూ కూడా మధ్యమధ్య జేబును తడిమి చూసుకునేవారము. మా ఇంట్లోవారికి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఇదే అవస్థలో ఉండి పైకి చెప్పుకోలేని వారు మన కుటుంబాలలోనూ ఉంటారని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఒక శుక్రవారం ఖుత్బా మధ్యలో అకస్మాత్తుగా గుండె దడదడలాడింది. చేతులు తిమ్మిరెక్కాయి, ఊపిరి ఆడలేదు. మరణం వచ్చిందనే అనుకున్నాము, పెదవులపై కలిమా పలికాము. ఆసుపత్రిలో ఈసీజీ, రక్తపరీక్షలు చేసి గుండెలో దోషం లేదన్నారు. ఛాతీలో ఇటువంటి బాధ తొలిసారి వచ్చినప్పుడు ఆ పరీక్షలు జరగవలసిందే. పిమ్మట మానసిక వైద్యులు పరిశీలించి, దీనిని పానిక్ అటాక్ అంటారని చెప్పి రెండు మందులు వ్రాశారు. ఒకటి ప్రతిదినం వేసుకోవలసిన ఎస్సిటాలోప్రామ్. దాని గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. రెండవది బెంజోడయాజెపైన్ వర్గానికి చెందిన ఆల్ప్రజోలామ్, 0.25 మిల్లీగ్రాముల మాత్ర. మొదటి మందు పనిచేసేలోగా మరీ తట్టుకోలేనప్పుడు మాత్రమే వాడమని పది మాత్రలే వ్రాశారు.

మేము తలక్రిందులు చేశాము. వారాలు పట్టే మందును పది రోజులకే మానివేశాము. వెంటనే నెమ్మదినిచ్చే మాత్రను వదలలేదు. పరిచయస్థుడైన మందుల దుకాణదారుడు చీటీ అడగకుండానే ఇచ్చేవాడు. చీటీ లేనిదే అమ్మరాదని, అమ్మినది రిజిస్టరులో వ్రాయాలని చట్టమున్నదని తరువాత తెలిసింది. మొదట అటాక్ వచ్చినప్పుడే వేసుకునేవారము. తరువాత బస్సు ఎక్కే ముందు, ఆపైన ఖుత్బాకు ముందు. చివరకు ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటిగా రోజుకు మూడు అయ్యాయి. చిత్రమేమంటే, నెలకు ఒకటి రెండుసార్లు వచ్చే భయం అప్పటికి వారానికి మూడు నాలుగుసార్లు రాసాగింది.

రమజాన్ వచ్చింది. సహరీలో ఒక మాత్ర, ఇఫ్తార్ తరువాత రెండు వేసుకుని ఉపవాసాలు మొదలుపెట్టాము. నాలుగు రోజులు గడిచేసరికి ఒక క్రమం ఏర్పడింది. జుహర్ దాటేసరికి అశాంతి మొదలయ్యేది. అసర్ వేళకు చేతులు వణికేవి, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడేవారము. ఇఫ్తార్‌లో మాత్ర వేసుకున్న అరగంటకు అంతా సర్దుకునేది. మా ఈమాన్ బలహీనపడిందని, ఇక ఉపవాసాలకు మేము తగమని కుమిలిపోయాము. మా ఇంట్లోవారి బలవంతం మీద మళ్ళీ ఆ వైద్యుల వద్దకు వెళ్ళాము.

ఆయన రోజు మొత్తం గంటల వారీగా చెప్పించుకుని, “మౌల్వీ సాబ్, ఇది ఉపవాసం వల్ల కాదు, ఈమాన్ లోపమూ కాదు. మాత్ర దిగిపోతున్న వేళ ఇది” అన్నారు. ఆల్ప్రజోలామ్ సుమారు 11 గంటలలో శరీరంలో సగానికి తగ్గిపోతుందట. సహరీకి, ఇఫ్తార్‌కు మధ్య ఎడం దాదాపు 14 గంటలు. మెదడులో ఉద్రేకాన్ని అణచే సహజమైన పదార్థం ఒకటి ఉంది, దానిని గాబా అంటారు. ఈ మాత్ర గాబా బలాన్ని పెంచుతుంది. రోజూ బయటినుండి ఆ సాయం అందుతుంటే మెదడు తన అణచే శక్తిని తానే తగ్గించుకుంటుంది. మాత్ర దిగినప్పుడు మునుపటికంటే ఎక్కువ భయం పుడుతుంది. అది పాత జబ్బులాగే కనిపిస్తుంది గనుక మనిషి మరో మాత్ర వేసుకుంటాడు. పానిక్ అటాక్ వేళాపాళా లేకుండా వస్తుందని, చివరి మాత్ర వేసుకుని ఇన్ని గంటలైందని లెక్క కట్టినట్టు వచ్చి, మాత్రతోనే పోయే భయాన్ని అనుమానించాలని ఆయన గుర్తు చెప్పారు.

“అయితే అటాక్ వచ్చినప్పుడల్లా మాత్రతోనే తగ్గింది కదా?” అని అడిగాము. ఆయన గడియారం చూపించారు. అటాక్ సాధారణంగా పది నిమిషాలలోపే శిఖరానికి చేరి, ఆపై తానే దిగుతుంది. మింగిన మాత్ర కడుపులో కరిగి, రక్తంలో చేరి, పని మొదలుపెట్టేసరికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. దాని బలం నిండుగా ఉండేది గంట, రెండు గంటల తరువాతే. అంటే అతి కష్టమైన ఘడియ మాత్ర సాయం లేకుండానే దాటిపోతున్నది, మెప్పు మాత్రం మాత్రకు దక్కుతున్నది. మింగిన రెండు నిమిషాలకే మాకు కలిగే ఊరట, మందు చేతికి దొరికిందన్న ధైర్యమే.

ఈ మాట మాకు మా వృత్తిలోనే అర్థమైంది. హిఫ్జ్ చేసే పిల్లవాడు ఒక ఆయత్ దగ్గర ఆగినప్పుడల్లా ఉస్తాద్ వెంటనే లుక్మా అందిస్తే, ఆ పిల్లవాడు తన జ్ఞాపకాన్ని వెతకడం మానేస్తాడు. కొంతకాలానికి, రాని చోటే కాదు, వచ్చిన చోట కూడా ఉస్తాద్ ముఖం వైపు చూస్తాడు. మా మనస్సు ఆ స్థితికి వచ్చింది. భయం తనంత తాను దిగిపోతుందని నేర్చుకునే అవకాశం దానికి మేము ఒక్కసారి కూడా ఇవ్వలేదు.

సిగ్గుతో ఆ పూటే మాత్రలు పారవేస్తామన్నాము. వైద్యులు గట్టిగా వారించారు. తెలంగాణలో కల్తీ కల్లులో కలుపుతూ పట్టుబడేది కూడా ఈ ఆల్ప్రజోలామేనని, ఆ కల్లు ఒక్కసారిగా ఆగినప్పుడు ఎందరో వణుకుతో, మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారని చెప్పారు. కల్లు వాసన ఎరుగని మా శరీరం కూడా అదే పదార్థానికి అలవాటుపడిందని విని మాట రాలేదు.

ఆయన మొదటి మందును తిరిగి ప్రారంభించి, రోజుకు మూడు మాత్రలలో అర మాత్ర చొప్పున మూడు వారాలకొకసారి తగ్గించారు. చివరి మాత్ర దగ్గర ఇంకా నెమ్మదిగా, పావు వంతు చొప్పున తగ్గించారు. తగ్గించిన ప్రతిసారీ కొన్ని రోజులు నిద్ర చెదిరేది, చిరాకు పుట్టేది. అది తీవ్రమైతే తరువాతి మెట్టు దిగకుండా అక్కడే ఆగమన్నారు. మొత్తం ఏడు నెలలు పట్టింది.

మూడవ నెలలో ఒక రాత్రి ఇషా నమాజు చేయిస్తుండగా రెండవ రకాత్‌లో అటాక్ వచ్చింది. మాత్ర జేబులోనే ఉన్నది. వెనుక నిలిచినవారిలో ఒకరిని ముందుకు పంపి తప్పుకోవచ్చునని తెలుసు. ఒక్క రకాత్ చూద్దామనుకున్నాము. గొంతు వణికింది, మూడవ రకాత్‌లో కాళ్ళు తేలిపోయినట్లయింది. నాల్గవ రకాత్ సజ్దాకు వచ్చేసరికి దడ ఇంకా ఉన్నా, పెరగడం ఆగిపోయింది. సలాం తిప్పి గోడ గడియారం చూశాము. ఎనిమిదిన్నరకు నిలబడ్డాము, అప్పటికి ఎనిమిది నలభై ఒకటి. ఆ మొదటి రకాత్‌లోనే మాత్ర మింగి ఉన్నా, ఇంకా కడుపులోనే ఉండేది.

ఇప్పుడు అటాక్ ఎప్పుడో గాని రాదు. వచ్చినప్పుడు గడియారం చూసి, మొదలైన నిమిషం, శిఖరం దాటిన నిమిషం చిన్న పుస్తకంలో వ్రాసుకుంటాము. అందులో ఇరవై నిమిషాలు దాటినది ఇంతవరకు ఒక్కటీ లేదు. ఆ పుస్తకం కుర్తా కుడి జేబులోనే ఉంటుంది. అల్‌హమ్దులిల్లాహ్.