లావుగా ఉన్నా గుండె గట్టిదైతే?

దంతెవాడ జిల్లా బచేలిలో మాలాంటి తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. బైలాడిలా ఇనుప గనుల్లో పని కోసం మా తాతయ్య ఇక్కడికి వచ్చారు. మా ఇంట్లో నాన్న సన్నం, బాబాయి లావు. పండక్కి అందరూ కలిస్తే "కాస్త ఒళ్లు తగ్గించరా" అని బాబాయికే చెబుతారు, నాన్ననెవరూ ఏమీ అనరు. కానీ బాబాయి పదేళ్లుగా రోజూ ఉదయం గంటసేపు వేగంగా నడుస్తారు. నాన్నకి ఆఫీసులో కుర్చీ, ఇంట్లో సోఫా. ఇద్దరిలో ఎవరికి ముప్పు ఎక్కువ? అక్కాచెల్లెళ్లం ఇద్దరం కొలిచి చూద్దామనుకున్నాం.

బాబాయి ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 76 కిలోలు. బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ సుమారు 28 వచ్చింది. మన దేశంలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నాన్నది 21.

తర్వాత గుండె పరీక్ష. 30 సెంటీమీటర్ల మెట్టును నిమిషానికి 24 సార్లు చొప్పున మూడు నిమిషాలు ఎక్కి దిగాలి. వెంటనే కూర్చుని ఒక నిమిషం నాడి లెక్కపెట్టాలి. గుండె ఎంత త్వరగా నెమ్మదిస్తే అంత దృఢంగా ఉన్నట్టు. బాబాయికి 98, నాన్నకి 124 వచ్చింది.

అమెరికాలోని డల్లాస్‌లో కూపర్ ఇన్‌స్టిట్యూట్ వారు సుమారు 22 వేల మంది పురుషులను ట్రెడ్‌మిల్ మీద పరీక్షించి, తర్వాత కొన్నేళ్లపాటు గమనించారు. 1999లో ఫలితాలు వచ్చాయి. సన్నగా ఉండి గుండె దృఢత్వం లేనివారిలో మరణాలు, సన్నగా ఉండి దృఢంగా ఉన్నవారికి దాదాపు రెట్టింపు. లావుగా ఉన్నా దృఢంగా ఉన్నవారికి ముప్పు చెప్పుకోదగ్గంత పెరగలేదు. అంటే నాన్న సన్నదనం ఆయనకి రక్షణ కాదు.

ఇది వినగానే బాబాయి "చూశారా!" అన్నారు. అయితే మధుమేహం సంగతి వేరు. 2004లో వెలువడిన మరో అధ్యయనంలో సుమారు 38 వేల మంది అమెరికన్ మహిళలను చూస్తే, వ్యాయామం మధుమేహం ముప్పును కొంతే తగ్గించింది, బరువు ప్రభావమే చాలా ఎక్కువ. పొట్టలో, కాలేయంలో చేరిన కొవ్వు ఇన్సులిన్ పనిని అడ్డుకుంటుంది. మన భారతీయులకి తక్కువ బరువులోనే పొట్ట దగ్గర కొవ్వు చేరుతుంది. అందుకే మగవారికి నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదంటారు. బాబాయిది 98. మూడు నెలల సగటు చక్కెర పరీక్షలో 6.1 శాతం వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే మధుమేహానికి ముందు దశ.

నడక బాబాయి గుండెను కాపాడుతోంది, కానీ చక్కెరను పూర్తిగా ఆపలేకపోయింది. ఇప్పుడు ఆయన రాత్రి అన్నం సగం తగ్గించారు, నడక మానలేదు. నాన్న కూడా ఆయనతో బయల్దేరుతున్నారు. మొదటి ఎత్తు దగ్గరే ఆయాసపడితే, బాబాయి ఆగి నిలబడతారు.